లిస్టెడ్ కంపెనీయా, అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీయా: షేర్లు కొనే ముందు తేల్చుకునే పద్ధతి

"త్వరలో ఐపీఓకి వస్తోంది సార్. పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ. షేర్లు నేరుగా మీ డీమ్యాట్‌లోకే వస్తాయి, ఇంకేం భయం?" ఇలాంటి ఫోనో వాట్సాప్ మెసేజో ఈ మధ్య చాలామందికి వస్తోంది. అతను చెప్పిన మాటలన్నీ నిజమే కావచ్చు. అయినా ఆ షేరును రేపు అమ్ముకోవాలంటే కొనేవాళ్లు దొరక్కపోవచ్చు. ఎందుకంటే పబ్లిక్ కంపెనీ అయినంత మాత్రాన స్టాక్ మార్కెట్లో ఉన్నట్టు కాదు. డీమ్యాట్‌లో కనిపించినంత మాత్రాన కూడా కాదు. కాబట్టి డబ్బు పంపే ముందు ఆ కంపెనీ ఏ రకానిదో మనమే చూసుకోవాలి. దానికి పది నిమిషాలు చాలు, పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

ముందు తేడా ఎక్కడుందో చూద్దాం. మన కంపెనీల చట్టం 2013 ప్రకారం ప్రైవేట్ కంపెనీ అంటే షేర్ల బదిలీ మీద ఆంక్షలు పెట్టుకున్నది. సభ్యులు 200 మందికి మించకూడదు, పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని ఉండాలి. ఆ ఆంక్షలు లేనిది పబ్లిక్ కంపెనీ. దానికి కనీసం ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు కావాలి. పేరు చివర ఒట్టి లిమిటెడ్ ఉంటుంది. ఒకప్పుడు 5 లక్షల రూపాయల కనీస మూలధనం అనే షరతు ఉండేది, 2015లో దాన్నీ తీసేశారు. అంటే ఏడుగురు కలిస్తే పబ్లిక్ కంపెనీ పెట్టేయవచ్చు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ గడప తొక్కాల్సిన పని లేదు, ఎక్స్ఛేంజీకి అర్జీ పెట్టుకోవాల్సిన పని లేదు.

లిస్టింగ్ ఆ తర్వాతి మెట్టు. కంపెనీ తన షేర్లను ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో నమోదు చేయించుకుని, సెబీ నిబంధనలకు కట్టుబడినప్పుడే లిస్టెడ్ అవుతుంది. ఆ మెట్టు ఎక్కని పబ్లిక్ కంపెనీని అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ అంటారు. అది చట్టవిరుద్ధమేమీ కాదు, తక్కువ రకమూ కాదు. దేశంలో చాలా పెద్ద కంపెనీలే ఇలా ఉన్నాయి. జియో బ్రాండునే తీసుకోండి. జియో ఫైనాన్షియల్ సర్వీసెస్ 2023 ఆగస్టులో లిస్టయింది. జియో ప్లాట్‌ఫామ్స్ మాత్రం 2025 చివరి నాటికి కూడా అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీయే. పేరులో మొదటి మాట ఒకటే, జియో ప్లాట్‌ఫామ్స్ మాతృసంస్థ రిలయన్స్ కూడా లిస్టెడ్. అయినా షేరు దగ్గరకు వచ్చేసరికి రెండింటిదీ వేరువేరు పరిస్థితి. "ఫలానా గ్రూపు కంపెనీ సార్" అనే మాటకు అందుకే నేను విలువ ఇవ్వను. గ్రూపును కాదు, పూర్తి పేరున్న ఆ ఒక్క కంపెనీనే చూడాలి.

రెండు ఎక్స్ఛేంజీలు, ఒక అక్షరం తేడా

తేడాను కళ్లకు కట్టే ఉదాహరణ స్టాక్ ఎక్స్ఛేంజీలలోనే ఉంది. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండూ కూడా కంపెనీలే, రెండూ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీలే. మన దేశంలో ప్రతి కంపెనీకీ 21 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని సీఐఎన్ అంటారు. ఈ రెండింటి సీఐఎన్‌లు ఇవి (ఎన్‌ఎస్‌ఈది 2025 నాటిది):

```
NSE: U67120MH1992PLC069769
BSE: L67120MH2005PLC155188
```

ఎడమ నుంచి చదువుకుంటూ వెళ్దాం. మొదటి అక్షరం L అయితే లిస్టెడ్, U అయితే అన్‌లిస్టెడ్. తర్వాతి ఐదు అంకెలు వ్యాపారం ఏ రంగంలోనిదో చెప్పే కోడ్. రెండూ ఒకే పని చేసేవి కాబట్టి 67120 అని ఒకేలా ఉంది. MH అంటే మహారాష్ట్ర, అంటే రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న రాష్ట్రం. తెలంగాణ అయితే TG, ఆంధ్రప్రదేశ్ అయితే AP కనిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు అంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం. ముంబైలో 1875 నుంచి ఉన్న బీఎస్‌ఈకి 2005 అని ఉండటం చూసి తికమక పడకండి. అది సభ్యుల సంఘంగా ఉన్న ఎక్స్ఛేంజీ కంపెనీ రూపంలోకి మారిన ఏడాది. PLC అంటే పబ్లిక్ కంపెనీ, ప్రైవేట్ అయితే ఆ చోట PTC ఉంటుంది. చివరి ఆరు అంకెలు రిజిస్ట్రేషన్ నంబరు.

బీఎస్‌ఈ షేర్లు 2017 ఫిబ్రవరి 3న లిస్టయ్యాయి. ఎక్స్ఛేంజీ తన షేర్లను తన దగ్గరే లిస్ట్ చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి అవి పోటీదారైన ఎన్‌ఎస్‌ఈలో చేతులు మారుతుంటాయి. ఎన్‌ఎస్‌ఈ షేర్లు మాత్రం 2025 చివరి దాకా ఎక్కడా లిస్ట్ కాలేదు. రోజూ టీవీలో వినపడే పేరు, లక్షకు పైగా వాటాదారులు, ఎన్నో ఏళ్లుగా లాభాలు. ఇవన్నీ ఉన్నా సీఐఎన్ మొదట్లో ఉన్నది U. సైజు, పేరు, వాటాదారుల సంఖ్య, వీటిలో ఏదీ కంపెనీని లిస్టెడ్‌గా మార్చదన్నమాట.

సీఐఎన్ కోసం ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదు. కంపెనీ తన లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద, నోటీసుల మీద దాన్ని ముద్రించాలని చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. వెబ్‌సైట్లో కాంటాక్ట్ పేజీలోనో పేజీ అడుగునో చాలావరకు దొరుకుతుంది. షేర్లు అమ్మజూపే మనిషి పంపిన పీడీఎఫ్‌లో సీఐఎన్ లేకపోతే నేనైతే ముందు అదే అడుగుతాను. అది చెప్పడానికి తటపటాయించేవాడితో మిగతా మాటలు అనవసరం.

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు చెప్పుకోవాలి. ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ లాంటివి కంపెనీల చట్టం కింద పుట్టినవి కావు, వాటికోసం పార్లమెంటు చేసిన వేరే చట్టాల కింద ఏర్పడ్డాయి. అందుకని వాటి షేర్లు మార్కెట్లో రోజూ ట్రేడవుతున్నా వాటికి సీఐఎన్ ఉండదు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఆ మొదటి అక్షరాన్ని ఎంతవరకు నమ్మొచ్చు

చాలామంది సలహాలు ఇక్కడితో ఆగిపోతాయి. L ఉంటే కొనండి, U ఉంటే ఆలోచించండి, అంతే. కానీ ఈ అక్షరం ప్రభుత్వ రిజిస్టర్లో ఉన్న స్థితిని చెబుతుంది తప్ప ఈ రోజు మీ షేరుకు మార్కెట్ ఉందో లేదో చెప్పదు. ఈ రెండూ కలవని సందర్భాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది కాలం తేడా. కంపెనీ ఐపీఓ చేశాక రిజిస్టర్లో U కాస్తా L గా మారాలి. డీలిస్ట్ అయితే తిరిగి U కావాలి. ఈ మార్పు అదే రోజు జరగదు. పాత లెటర్‌హెడ్లూ పాత వెబ్ పేజీలూ అయితే నెలల తరబడి పాత నంబరుతోనే ఉండిపోతాయి.

రెండోది మూతపడిన ప్రాంతీయ ఎక్స్ఛేంజీల కథ. ఒకప్పుడు మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీతో సహా చాలా నగరాల్లో ఎక్స్ఛేంజీలుండేవి. హైదరాబాద్ ఎక్స్ఛేంజీ 2007లో గుర్తింపు కోల్పోయింది. మిగతావాటిలోనూ చాలావరకు తర్వాతి ఏళ్లలో తప్పుకున్నాయి. అక్కడ మాత్రమే లిస్టయిన కంపెనీల షేర్లకు మార్కెట్ అన్నదే లేకుండా పోయింది. అలాంటి కంపెనీల్లో కొన్నింటిని డిసెమినేషన్ బోర్డు అనే జాబితాలోకి మార్చారు. అది కొనుగోలు, అమ్మకం ఆసక్తిని తెలియజేసే ఏర్పాటే తప్ప ట్రేడింగ్ కాదు. తాతగారి బీరువాలో 1990ల నాటి షేర్ సర్టిఫికెట్ దొరికి, దాని మీద లిస్టెడ్ అని రాసి ఉంటే ముందు గుర్తుకు రావాల్సింది ఇదే. కాగితం అచ్చయిన రోజున అది నిజమే. ఇప్పుడు ఆ కంపెనీ ఏ ఎక్స్ఛేంజీలోనూ లేకపోవచ్చు, సీఐఎన్‌లో మాత్రం L అలాగే మిగిలిపోయి ఉండొచ్చు.

మూడోది అన్నింటికంటే ఎక్కువగా పొరపాటు పడే చోటు. కంపెనీ షేర్లు లిస్ట్ కాకుండా, అప్పు పత్రాలు మాత్రం, అంటే నాన్ కన్వర్టిబుల్ డిబెంచర్లు లేదా బాండ్లు, ఎక్స్ఛేంజీలో లిస్ట్ కావచ్చు. ఫైనాన్స్ కంపెనీల్లో ఇది మామూలే. "మా కంపెనీ బీఎస్‌ఈలో లిస్టెడ్ సార్" అని అమ్మేవాడు అన్నది అబద్ధం కాదు. లిస్టయింది బాండు, మీకు అమ్ముతున్నది షేరు, అంతే తేడా. ఇలా ఎంపిక చేసుకున్న కొద్దిమందికే అమ్మే ప్రైవేట్ ప్లేస్‌మెంట్ పద్ధతిలో ఇచ్చిన డిబెంచర్లను మాత్రమే లిస్ట్ చేసిన పబ్లిక్ కంపెనీని 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీగా లెక్కించడం లేదు. కాబట్టి ఆ కంపెనీ సీఐఎన్‌లో U ఉంటుంది, బీఎస్‌ఈ సైటులో పేరూ ఉంటుంది. రెండూ ఒకేసారి నిజమే.

అందుకే "కంపెనీ లిస్టెడ్డేనా?" అని అడగడం కంటే "నాకు ఇస్తున్న ఈ షేరు ఏ ఎక్స్ఛేంజీలో, ఏ కోడ్ మీద ట్రేడవుతోంది?" అని అడగడం మేలు. ఈ ప్రశ్నకు జవాబు ఒక సింబలో నంబరో అయి ఉండాలి. అది కాక ఇంకేం చెప్పినా జవాబు చెప్పనట్టే.

ఏ వరుసలో చూడాలి

నేను మొదట ఎక్స్ఛేంజీ సైటుకే వెళ్తాను. nseindia.com లో, bseindia.com లో కంపెనీ పూర్తి పేరుతో వెతకాలి. గూగుల్లో వెతికితే అన్‌లిస్టెడ్ షేర్లు అమ్మే డీలర్ల సైట్లు ముందు వస్తాయి. వాటిలోనూ ధర, గ్రాఫు, 52 వారాల గరిష్ఠం అన్నీ అచ్చం మార్కెట్ సైటులాగే కనిపిస్తాయి. ఆ గ్రాఫులు డీలర్లు తాము చెప్పిన ధరలతో గీసుకున్నవి.

ఎన్‌ఎస్‌ఈలో దొరికితే దానికి ఒక సింబల్ ఉంటుంది, దాని పక్కన సిరీస్ అని చిన్న కోడ్ ఉంటుంది. మామూలు షేరుకు EQ. బీఎస్‌ఈలో ఆరంకెల స్క్రిప్ కోడ్ ఉంటుంది, ఈక్విటీ షేర్లకు అది 5తో మొదలవుతుంది. ఇన్ఫోసిస్‌కు 500209 లాగా. పేరు కనిపించగానే సంతోషపడిపోకుండా ఆ పేజీలో రెండు విషయాలు చూడాలి. ఈ రోజో నిన్ననో ట్రేడింగ్ జరిగిందా, ఎన్ని షేర్లు చేతులు మారాయి? ట్రేడింగ్ సస్పెండ్ చేశారా? బీఎస్‌ఈ సైటులోని సెక్యూరిటీల జాబితాలో స్టేటస్ వారీగా, అంటే యాక్టివ్, సస్పెండెడ్, డీలిస్టెడ్ అని వడపోసుకునే వీలుంది. సస్పెండ్ అయిన కంపెనీ కాగితం మీద లిస్టెడ్డే. కానీ చేతిలో షేరున్నవాడికి మాత్రం అది అన్‌లిస్టెడ్‌తో సమానం, ఒక్కోసారి అంతకంటే అధ్వానం. చిన్న కంపెనీల కోసం ఉన్న ఎన్‌ఎస్‌ఈ ఎమర్జ్, బీఎస్‌ఈ ఎస్‌ఎంఈ వేదికల మీద ఉన్నవీ లిస్టెడ్ కిందికే వస్తాయి. అయితే అక్కడ ఒక్కొక్క షేరు కొనలేం, లాట్ల చొప్పున కొనాలి, అమ్మాలి.

పేరు దొరికినా అది షేరా బాండా అన్న అనుమానం ఉంటే ఐఎస్ఐఎన్ చూడండి. ఇది ఒక్కో సెక్యూరిటీకి ఇచ్చే 12 అక్షరాల నంబరు. ఇన్ఫోసిస్ షేరుది INE009A01021. INE తర్వాత నాలుగు అక్షరాలు కంపెనీవి, వాటి పక్కన ఉన్న రెండు అంకెలు పత్రం రకాన్ని చెబుతాయి. అక్కడ 01 ఉంటే ఈక్విటీ షేరు, 07 ఉంటే డిబెంచరు. అమ్మేవాడు "ఐఎస్ఐఎన్ ఉంది కాబట్టి లిస్టెడ్డే" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2018 అక్టోబర్ 2 నుంచి అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీలు కూడా తమ షేర్లను డీమ్యాట్ రూపంలోనే ఇవ్వాలి, బదిలీ కూడా ఆ రూపంలోనే జరగాలి. కాబట్టి వాటికీ ఐఎస్ఐఎన్ ఉంటుంది, మీ డీమ్యాట్ స్టేట్‌మెంట్లో అవీ కనిపిస్తాయి. మీ బ్రోకర్ యాప్‌లో ఆ షేరు పక్కన అమ్మకం బటన్ పనిచేస్తుందా అన్నది మాత్రం వేరే విషయం.

ఎక్స్ఛేంజీలో షేరు దొరకలేదంటే అప్పుడు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటు mca.gov.in కి వెళ్లాలి. అందులో MCA Services కింద కంపెనీ మాస్టర్ డేటా చూసే సదుపాయం ఉంది. లాగిన్ అడిగితే ఉచితంగానే ఖాతా తెరుచుకోవచ్చు. పేరుతో కంటే సీఐఎన్‌తో వెతికితే నయం, ఎందుకంటే దగ్గర దగ్గర పేర్లున్న కంపెనీలు కుప్పలుగా ఉంటాయి. అక్కడ పబ్లిక్ కంపెనీయా ప్రైవేట్ కంపెనీయా, లిస్టెడ్డా కాదా, కంపెనీ స్థితి యాక్టివా, రిజిస్టర్ నుంచి పేరు కొట్టేసిన స్ట్రైక్ ఆఫా, చివరి వార్షిక సమావేశం ఎప్పుడు జరిగింది, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్నవి ఉంటాయి. ఆ చివరి రెండు తేదీల దగ్గర కాసేపు ఆగండి. బ్యాలెన్స్ షీట్ తేదీ మూడేళ్ల కిందటిదైతే ఆ కంపెనీ లెక్కలే దాఖలు చేయడం లేదన్నమాట. 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కూడా చూడొచ్చు. లక్షలు పెట్టేవాళ్లు ఈ వంద దగ్గర వెనకాడటం నాకెప్పుడూ అర్థం కాదు.

ఎక్స్ఛేంజీ ఒకటి చెప్పి రిజిస్టర్ ఇంకొకటి చెబితే ఏది నమ్మాలి? అమ్ముకోగలమా లేదా అన్న ప్రశ్నకు ఎక్స్ఛేంజీ మాటే మాట. కంపెనీ అసలు ఉనికిలో ఉందా, లెక్కలు ఇస్తోందా అన్నదానికి రిజిస్టర్. ఐపీఓ కోసం సెబీకి ముసాయిదా ప్రాస్పెక్టస్ ఇచ్చిన కంపెనీ ఈ రెండు చోట్లా అన్‌లిస్టెడ్‌గానే కనిపిస్తుంది. ముసాయిదా ఇచ్చాక ఏళ్ల తరబడి ఐపీఓకి రానివీ, వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. కాబట్టి "పేపర్లు ఫైల్ చేశారు" అన్న మాట షేరు లిస్టవుతుందనే హామీ కాదు.

డబ్బు పెట్టేవాడికి ఏది నప్పుతుంది

రకం తేలాక అసలు ఎంపిక మొదలవుతుంది. లిస్టెడ్ షేరులో మీకు దొరికేది ముఖ్యంగా అమ్ముకునే దారి, సమాచారం. లిస్టెడ్ కంపెనీ ప్రతి మూడు నెలల ఫలితాలను 45 రోజుల్లో బయటపెట్టాలి. ఏడాది చివరి ఫలితాలకు 60 రోజుల గడువు. ఆడిటర్ మానేసినా, ఫ్యాక్టరీ మూతపడినా ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. కంపెనీ తీరు మీద ఫిర్యాదు ఉంటే సెబీ వారి స్కోర్స్ పోర్టల్లో పెట్టొచ్చు.

అన్‌లిస్టెడ్ కంపెనీ మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలను సెప్టెంబర్ 30 లోపు వార్షిక సమావేశంలో పెట్టి, ఆ తర్వాత 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు దాఖలు చేస్తే చాలు. దీని లెక్క ఒకసారి వేసి చూడండి. 2025 సెప్టెంబర్‌లో మీరు షేర్లు కొంటున్నారనుకుందాం. ఆ రోజుకు రిజిస్టర్లో దొరికే తాజా లెక్కలు 2024 మార్చి నాటివి కావచ్చు. పద్దెనిమిది నెలల కిందటి కంపెనీని చూసి ఇవాళ్టి ధర కడుతున్నారన్నమాట. కంపెనీ తప్పేమీ చేయలేదు, గడువులోపే ఉంది.

ధర సంగతి ఇంకా చిక్కు. లిస్టెడ్ షేరు ధర కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అందరికీ ఒకటే తెర మీద కనిపిస్తుంది. అన్‌లిస్టెడ్ షేరుకు డీలర్ ఎంత చెబితే అంత. ఒకే రోజు ఇద్దరు డీలర్లు వేర్వేరు ధరలు చెబుతారు. అదే డీలర్ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య బాగా తేడా పెడతాడు. హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఇందుకు చక్కటి పాఠం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు అనుబంధ సంస్థ, పబ్లిక్ లిమిటెడ్, డిబెంచర్లు ముందే లిస్టయి ఉన్నాయి, షేర్లు మాత్రం ఐపీఓ దాకా లిస్ట్ కాలేదు. ఐపీఓకి ముందు డీలర్ల దగ్గర దాని షేరు 1,200 రూపాయలు దాటి పలికింది. 2025 జూన్‌లో ఐపీఓ వచ్చింది, ధర 700 నుంచి 740 రూపాయలుగా పెట్టారు. జూలై 2న 835 దగ్గర లిస్టయింది.

ఇప్పుడు రెండు దారులు పోల్చి చూద్దాం. డీలర్ దగ్గర 1,200 చొప్పున 100 షేర్లు కొన్నవాడు లక్షా ఇరవై వేలు పెట్టాడు. లిస్టింగ్ రోజున వాటి విలువ 83,500. ఐపీఓలో 740 చొప్పున షేర్లు దక్కినవాడికి వంద షేర్లకు అయిన ఖర్చు 74,000, అదే రోజున తొమ్మిదిన్నర వేల లాభం. అంతేకాదు, రెండోవాడు ఆ రోజే అమ్ముకోవచ్చు. మొదటివాడికి ఆ వీలు లేదు. ఐపీఓకి ముందు నుంచి షేర్లున్న సాధారణ వాటాదారులకు, ఐపీఓలో షేర్లు కేటాయించిన నాటి నుంచి ఆరు నెలల లాక్-ఇన్ ఉంటుంది. ఈ ఉదాహరణలో కంపెనీది ఏ తప్పూ లేదు, వ్యాపారమూ బాగానే ఉంది. నష్టం వచ్చింది పూర్తిగా అన్‌లిస్టెడ్ మార్కెట్ ధర వల్లే. ఐపీఓకి ముందు కొనడమంటే చవగ్గా కొనడమనే నమ్మకం ఎంత బలహీనమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. లాభం వచ్చిన సందర్భాలు లేవని కాదు. కానీ అది ముందే తెలిసే లెక్క కాదు.

పన్నులోనూ తేడా ఉంది. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు లిస్టెడ్ షేర్లు 12 నెలలు దాటితే దీర్ఘకాలిక లాభం, ఏడాదికి లక్షా పాతిక వేల వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అన్‌లిస్టెడ్ షేర్లకు 24 నెలలు దాటాలి, రేటు అదే 12.5 శాతం కానీ ఆ లక్షా పాతిక వేల మినహాయింపు లేదు. గడువులోపే అమ్మితే లిస్టెడ్‌కు 20 శాతం, అన్‌లిస్టెడ్‌కు మీ స్లాబు రేటు. ముప్ఫై శాతం స్లాబులో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇన్ని తెలిశాక కూడా అన్‌లిస్టెడ్ షేరు ఎవరికి సరిపోతుంది? ఉద్యోగులకు కంపెనీ షేర్లిచ్చే ఇసాప్ పథకం ద్వారా షేర్లు వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు లోపలి మనుషులు, పెట్టింది కూడా తక్కువే. బయటివాళ్లలో అయితే మూడు నాలుగేళ్లు ఆ డబ్బు ముఖం చూడకపోయినా ఇబ్బంది లేనివాళ్లు, బ్యాలెన్స్ షీట్ తెచ్చుకుని చదవగలిగినవాళ్లు, దాన్ని బట్టి ధర ఎక్కువో తక్కువో సొంతంగా చెప్పగలిగినవాళ్లు చూడొచ్చు. పిల్లల ఫీజుకో పెళ్లికో దాచుకున్న డబ్బైతే అటు వెళ్లకండి. అలాంటి డబ్బుకు లిస్టెడ్ షేరే ఎక్కువ రిస్కు, ఇక అన్‌లిస్టెడ్ సంగతి చెప్పక్కర్లేదు. కొనాలని నిశ్చయించుకున్నా, ఆన్‌లైన్లో ఎక్స్ఛేంజీలాగా నడుస్తున్న వేదికలకు సెబీ గుర్తింపు లేదని గుర్తుంచుకోండి. అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీల షేర్లు అమ్మే ఇలాంటి వేదికల గురించి సెబీ 2024 డిసెంబర్‌లో ప్రజలను హెచ్చరించింది. డబ్బు ముందు పంపి, షేర్లు తర్వాత అంటే ఒప్పుకోవద్దు. తప్పనిసరైతే ముందు చిన్న మొత్తంతో కొని, అవి డీమ్యాట్‌లో కనిపించాక మిగతాది చూసుకోండి.

ఒక సందర్భంలో మాత్రం ఎంపిక ప్రశ్నే రాదు. అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీయే ఏజెంట్లను పెట్టి ఊరూరా షేర్లో డిబెంచర్లో అమ్ముతుంటే అక్కడ ఆగిపోవాలి. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కో రకం పత్రాన్ని 200 మందికి మించి ఇవ్వజూపకూడదు. పెద్ద సంస్థలు, ఇసాప్ కింద తీసుకునే ఉద్యోగులు ఈ లెక్కలోకి రారు. 200 దాటితే అది ప్రజలందరికీ చేసిన ఇష్యూ కింద లెక్క. అప్పుడు ప్రాస్పెక్టస్, లిస్టింగ్, సెబీ అనుమతులు అన్నీ కావాలి. పాత చట్టంలో ఈ హద్దు 50 మంది. ఆ హద్దు దాటి కోట్లాది మంది దగ్గర డిబెంచర్ల మీద డబ్బు తీసుకున్న రెండు సహారా కంపెనీలు అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీలే. 24,000 కోట్లకు పైగా ఉన్న ఆ సొమ్మును 15 శాతం వడ్డీతో తిరిగివ్వాలని 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి ఏజెంటును అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ ఆఫర్ లెటర్ నా పేరు మీద, వరుస సంఖ్యతో వచ్చిందా? ప్రైవేట్ ప్లేస్‌మెంట్ ఆఫర్ లెటర్ ఫలానా వ్యక్తికి అని పేరు పెట్టి, నంబరు వేసి ఇవ్వాల్సిన కాగితం. దాన్ని వాట్సాప్‌లో అందరికీ పంచుతున్నారంటే ఆ కంపెనీ సీఐఎన్‌లో ఏ అక్షరం ఉందో వెతకాల్సిన అవసరం కూడా లేదు.